రోజువారీ చిన్న విజయాల లాగ్ ఎక్కడ రాసుకోవాలి: నోట్‌బుక్కా, డాక్కా, షీటా, లేక నెలాఖర్లో జిరా తవ్వుకోవడమా?

సెల్ఫ్ అప్రైజల్ ఫామ్ ఓపెన్ అయ్యాక ఖాళీ బాక్స్ ముందు కూర్చుంటే మనకి గుర్తొచ్చేవి ఫిబ్రవరి, మార్చి పనులే, అంతకుముందు పది నెలలు ఏం చేశామో ఎంత గింజుకున్నా తట్టదు. మేనేజర్ పరిస్థితి ఇంకా అన్యాయం, ఆయనకి మనలాంటి వాళ్ళు పది పన్నెండు మంది. అందుకే రోజూ చేసిన చిన్న చిన్న పనులు రాసుకో, నెలకోసారి సమ్మరీ చేసుకో అని సీనియర్లు చెప్తుంటారు, అందులో వాదించేదేమీ లేదు. అందరూ ఇరుక్కునేది ఎక్కడ రాయాలి అన్న దగ్గర. డైరీ కొంటారు, వారం రాసి వదిలేస్తారు, తర్వాత ఏదో యాప్, అదీ పోతుంది, మళ్ళీ మార్చి వస్తుంది.

నేను బెంగళూరులో ఓఆర్ఆర్ మీద ఒక కంపెనీలో డెవలపర్‌ని. మా చిన్నాన్న కూతురు చెన్నైలో షోలింగనల్లూర్ దగ్గర ఒక బ్యాంక్ బ్యాక్ ఆఫీస్‌లో పేమెంట్ రీకన్సిలియేషన్ చేస్తుంది, అంటే మన సిస్టమ్‌లో ఉన్న ఎంట్రీలు బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో మ్యాచ్ అయ్యాయా లేదా చూడటం. మా ఇద్దరి పనులకి పోలికే లేదు, అందుకే ఇద్దరికీ ఒకే దారి పనికిరాలేదు కూడా. ఆ చెల్లి లాగ్‌లోని ఒక ఎంట్రీని తీసుకుని ఐదు దారుల్లోనూ పెట్టి చూపిస్తాను, తేడా అక్కడే తెలుస్తుంది.

## ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఫాంట్లు, కలర్లు, రిమైండర్లు పక్కన పెట్టండి. నా లెక్కలో నాలుగే విషయాలు.

మొదటిది, సాయంత్రం క్యాబ్ టైమ్‌కి ముందు రాయగలమా. ఒక నిమిషం దాటితే ఆ అలవాటు నిలవదు. సిస్టమ్ లాక్ చేసి బ్యాగ్ సర్దుకునే ముందు ఒక లైను, అంతే ఓపిక ఉంటుంది ఎవరికైనా.

రెండోది నాకు అన్నిటికంటే ముఖ్యం, దాన్ని నేను "ముందు అంకె" అంటాను. మనం ఏదైనా బాగుచేస్తే, బాగుచేయక ముందు ఎలా ఉండేదో ఆ అంకె. రిపోర్ట్ రన్ అవ్వడానికి 40 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 6 నిమిషాలు అనాలంటే ఆ 40 ఎక్కడో రాసి ఉండాలి. తర్వాత అంకె ఎప్పుడైనా తీసుకోవచ్చు, సిస్టమ్ ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి. ముందు అంకె మాత్రం మనం సరిచేసిన రోజే పోతుంది, చాలాచోట్ల పాత లాగులు కొన్ని వారాలకే తుడిచేస్తారు, తర్వాత వెతికినా దొరకదు. లాగ్ ఉన్నవాళ్ళ సమ్మరీ కూడా చప్పగా ఉండటానికి ఎక్కువసార్లు కారణం ఇదే, "రిపోర్ట్ స్పీడ్ పెంచాను" అని ఉంటుంది, ఎంత నుంచి ఎంతకి అంటే సమాధానం ఉండదు.

మూడోది ప్రూఫ్. టికెట్ నంబర్, మెయిల్ సబ్జెక్ట్, మెయిల్ వచ్చిన తేదీ, ఏదో ఒకటి. మొత్తం మెయిల్ కాపీ చేయక్కర్లేదు, తిరిగి వెతికితే దొరికేంత ఆనవాలు చాలు.

నాలుగోది, అది ఎవరి చేతిలో ఉంది. ఆఫీస్ అకౌంట్‌లో ఉంటే రిజైన్ చేసిన చివరి రోజుతో యాక్సెస్ పోతుంది. సొంత ఫోన్‌లో ఉంటే క్లయింట్ పేర్లు, కస్టమర్ల వివరాలు అందులోకి వెళ్ళడం పాలసీకి విరుద్ధం, ఆఫీస్ ఫైల్ సొంత జీమెయిల్‌కి పంపితే చాలా కంపెనీల్లో సెక్యూరిటీ టీమ్‌కి అలర్ట్ వెళ్తుంది. ఈ రెండు వైపులా తగులుకునే ఇబ్బంది ఏ దారిలోనూ పూర్తిగా పోదు, కింద ఒక మధ్యేమార్గం చెప్తాను. ఇక టేబుల్‌లో జిరా అంటే పనులన్నీ టికెట్లుగా నమోదయ్యే టూల్, గిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పులు నమోదయ్యే టూల్.

| దారి | రోజూ రాయడం | ముందు అంకె | ప్రూఫ్ | నెలాఖర్లో ఏరడం | ఎవరి చేతిలో |
|---|---|---|---|---|---|
| నోట్‌బుక్ | చాలా తేలిక | రాస్తే ఉంటుంది | బలహీనం | కష్టం, మళ్ళీ టైప్ చేయాలి | మన చేతిలో |
| ఒకే డాక్ / నోట్‌ప్యాడ్ | తేలిక | రాస్తే ఉంటుంది | లింక్ పెట్టొచ్చు | ఫర్వాలేదు | ఆఫీస్ చేతిలో |
| షీట్ | కొంచెం బరువు | కాలమ్ ఖాళీగా కనిపించి గుర్తుచేస్తుంది | బాగుంటుంది | చాలా తేలిక | ఆఫీస్ చేతిలో |
| మనకి మనమే మెసేజ్ | అన్నిటికంటే తేలిక | సాధారణంగా పడదు | ఫార్వర్డ్ చేస్తే ఉంటుంది | కష్టం | రిటెన్షన్ పాలసీ చేతిలో |
| రాయకుండా జిరా, గిట్ నుంచి తీయడం | సున్నా | దాదాపు ఉండదు | గట్టిగా ఉంటుంది | ఒక గంట పని | ఆఫీస్ చేతిలో |

## పోలికకి తీసుకున్న ఎంట్రీ

మా చెల్లి టీమ్‌లో రోజూ పొద్దున్నే మ్యాచ్ కాని ఎంట్రీల లిస్ట్ వస్తుంది, వాటిని వాళ్ళు బ్రేక్స్ అంటారు. నెల మొదటి వారంలో రోజుకి 38 నుంచి 44 దాకా వస్తున్నాయి. ఒక్కొక్కటి చేత్తో వెతికి మ్యాచ్ చేయడానికి నాలుగు నిమిషాలు. అందులో ఎక్కువ భాగం నిజమైన బ్రేక్స్ కావు. స్టేట్‌మెంట్ సీఎస్‌వీ ఫైల్‌గా వస్తుంది, దాన్ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే రిఫరెన్స్ నంబర్‌ని ఎక్సెల్ అంకె అనుకుని ముందున్న సున్నాలు తీసేస్తుంది, పదిహేను అంకెలు దాటిన నంబర్ అయితే పదహారో అంకె నుంచి సున్నాలు చేసేస్తుంది. అలా పాడైన నంబర్‌తో వీలుకప్ పెట్టి వెతికితే ఎలా దొరుకుతుంది? చెల్లి దాన్ని పట్టుకుని, ఫైల్‌ని డబుల్ క్లిక్ చేయకుండా డేటా ట్యాబ్‌లోంచి ఇంపోర్ట్ చేసి ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టింది. అంతే పని, పావుగంట కూడా పట్టలేదు.

ఇలాంటివే సరిగ్గా మర్చిపోయే పనులు. "ఇది కూడా చెప్పుకునే పనేనా అక్కా, ఎక్సెల్ సెట్టింగ్ మార్చాను అంతే కదా" అంది నాతో. పావుగంట పని కాబట్టి దానికి అది చిన్నదిగా అనిపించింది, రోజూ గంటన్నర మిగులుతోందన్న సంగతి లెక్క వేస్తే గానీ కనబడదు. ఇప్పుడు ఈ ఎంట్రీని ఒక్కో దారిలో చూద్దాం.

### నోట్‌బుక్

పెన్నుతో రాసేది త్వరగా అయిపోతుంది, ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు, రాయడమంటే ఇష్టమున్నవాళ్ళకి అలవాటు కూడా నిలుస్తుంది. చెల్లి ఎంట్రీ ఇందులో "బ్రేక్స్ తగ్గించా, సీఎస్‌వీ ఇంపోర్ట్" అని పడుండేది. దానికి ప్రూఫ్ ఏది అంటే ఇంకోచోట వెతకాలి. నెలాఖర్లో ఇరవై పేజీలు తిరగేసి మళ్ళీ టైప్ చేయాలి, ఆ టైపింగ్ బద్ధకానికే సమ్మరీ ఆగిపోతుంది.

ఇంకో పెద్ద అడ్డం ఉంది. బ్యాంక్ పనులు చేసే చాలా ఫ్లోర్లలో క్లీన్ డెస్క్ రూల్ ఉంటుంది, కాగితం, పెన్ను, ఫోన్ అన్నీ బయట లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్ళాలి. చెల్లి ఫ్లోర్ అలాంటిదే, కాబట్టి నోట్‌బుక్ అన్నది దానికి మొదటి రోజే కొట్టేసిన ఆప్షన్. మీటింగులే ఎక్కువగా ఉండే మేనేజర్లకి, రోజంతా క్లయింట్ల దగ్గర తిరిగే సేల్స్ వాళ్ళకి మాత్రం నేను నోట్‌బుక్ వద్దనను, వాళ్ళకి లాప్‌టాప్ తెరిచే సందే ఉండదు.

### ఒకే డాక్, లేదా నోట్‌ప్యాడ్ ఫైల్

నేను వాడేది ఇదే. సంవత్సరానికి ఒక ఫైల్, కొత్త తేదీ పైన, పాతది కింద. గూగుల్ డాక్స్ అయితే `@today` అని కొడితే తేదీ పడుతుంది. ఆఫీస్ లాప్‌టాప్‌లో గూగుల్ బ్లాక్ అయి ఉంటే విండోస్ నోట్‌ప్యాడ్ చాలు, ఒక చిన్న కిటుకు ఉంది దాంట్లో, ఫైల్ మొదటి లైనులో కింద ఉన్నట్టు పెద్ద అక్షరాల్లో కొట్టి సేవ్ చేస్తే ఆ ఫైల్ తెరిచిన ప్రతిసారీ చివర్లో తేదీ, టైమ్ అవే పడతాయి, ఇందులో మాత్రం కొత్తది కింద ఉంటుంది.

```
.LOG
```

డాక్‌లో బాగున్నది ఏమిటంటే కథ రాసుకోవచ్చు. ఒక ప్రొడక్షన్ ఇష్యూ రాత్రి రెండింటికి ఎలా దొరికింది, ముందు ఏం అనుమానించాం, చివరికి ఏది కారణం అన్నది నాలుగు లైన్లలో రాస్తే ఏడాది తర్వాత కూడా ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొస్తుంది, షీట్‌లో ఆ సెల్‌లో పట్టదు.

బాగోలేనిది, డాక్ ఏమీ అడగదు. ఏం రాసినా ఊరుకుంటుంది. చెల్లి ఎంట్రీ ఇక్కడ "ఈరోజు ఇంపోర్ట్ పద్ధతి మార్చాను, బ్రేక్స్ చాలా తగ్గాయి" అని పడుతుంది, చాలా అంటే ఎంతో ఎవరూ అడగరు. దానికి నేను చేసేది, ప్రతి ఎంట్రీ చివర "ముందు: / ఇప్పుడు: / ఎక్కడుంది:" అని మూడు మాటలు పెట్టుకుంటాను, తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తాను. శుక్రవారం ఫైల్‌లో ప్రశ్నార్థకాలు వెతికితే అసంపూర్తిగా ఉన్నవన్నీ దొరుకుతాయి, అంకె ఇంకా దొరికే టైమ్‌లోనే.

### షీట్

చెల్లికి చివరికి కుదిరింది ఇది, టీమ్ షేర్ డ్రైవ్‌లో తన ఫోల్డర్‌లో ఒక ఎక్సెల్. ఆరు కాలమ్‌లు: తేదీ, ఏం చేశాను, ముందు, తర్వాత, ప్రూఫ్, ఏ గోల్ కింద. తేదీకి `Ctrl+;` కొడితే ఈరోజు తేదీ పడిపోతుంది. మొదట్లో పది కాలమ్‌లు పెట్టింది, ప్రయారిటీ అని, నేర్చుకున్నది అని, ఎవరు మెచ్చుకున్నారు అని, రెండో వారానికే సగం ఖాళీగా ఉన్నాయి, అప్పుడు ఆరుకి తగ్గించింది. ఆరే ఎక్కువ నిజానికి, కానీ ఏదీ తీసేయలేం.

షీట్ గొప్పతనం ఖాళీ సెల్. "ముందు" అన్న కాలమ్ ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఆగుతుంది, ఆరోజు లిస్ట్ తెరిచి 41 అని వేస్తాం. చెల్లి అలాగే వేసింది, 41 బ్రేక్స్, అందులో సున్నాలు పోయినవి 26. "తర్వాత" మాత్రం ఆరోజు వేయలేదు, పసుపు రంగు వేసి వదిలేసింది. అది సరైన పని, ఎందుకంటే ఫలితం తేలడానికి టైమ్ పడుతుంది. చాలామంది పని చేసిన రోజే ఫలితం కూడా రాసేస్తారు, మర్నాడు లెక్క 17 వచ్చిందని "41 నుంచి 17" అని ఫిక్స్ అయిపోతారు.

దాంట్లో మోసం ఏమిటంటే నెల మొదటి వారం జీతాలు, ఈఎంఐలు, ఆటో డెబిట్లు అన్నీ పడే వారం, వాల్యూమ్ ఎక్కువ. నెల మధ్యలో ఏమీ చేయకపోయినా బ్రేక్స్ తగ్గుతాయి. మొదటి వారం 41ని మూడో వారం 12తో పోలిస్తే అంకె అందంగా ఉంటుంది గానీ, రివ్యూలో ఎవరైనా ఆపరేషన్స్ తెలిసిన పెద్దాయన "అది వాల్యూమ్ తగ్గడం కదమ్మా" అంటే నోరు పెగలదు. చెల్లి తర్వాత నెల మొదటి వారం దాకా ఆగింది, రోజుకి 14 నుంచి 18 మధ్య వచ్చాయి. ఇప్పుడు పోలిక సమానం. రోజుకి దాదాపు 25 బ్రేక్స్ తగ్గాయి, ఒక్కోటి నాలుగు నిమిషాలు, అంటే వంద నిమిషాలు, కాస్త తగ్గించి గంటన్నర అని రాసింది. తగ్గించి రాయడం మంచిది, ఎవరైనా లెక్క వేసి చూస్తే మనం చెప్పిన దానికంటే ఎక్కువే రావాలి.

షీట్ ఎవరికి వద్దు అంటే, ఎక్సెల్ చూస్తేనే విసుగొచ్చేవాళ్ళకి, రోజంతా ఎక్సెల్‌లోనే ఉండి సాయంత్రానికి ఇంకో ఎక్సెల్ తెరవలేని వాళ్ళకి. డిజైనర్లకి, రాసే పని చేసేవాళ్ళకి కూడా అంత కుదరదు, వాళ్ళ పనిలో అంకె ఉండేది తక్కువ, స్క్రీన్‌షాట్ పెట్టుకునే డాక్ నయం.

### మనకి మనమే మెసేజ్

స్లాక్‌లోనో టీమ్స్‌లోనో మన పేరుకి మనమే మెసేజ్ పంపుకోవడం. ఐదు సెకన్లు. మెచ్చుకుంటూ వచ్చిన మెసేజ్‌ని అక్కడికి ఫార్వర్డ్ చేస్తే ప్రూఫ్ కూడా. కానీ కంపెనీలు చాట్‌కి రిటెన్షన్ పెడతాయి, అంటే ఇంతకాలం దాటిన మెసేజ్‌లు తుడిచేస్తాయి, కొన్ని చోట్ల అది కొన్ని నెలలే ఉంటుంది, స్లాక్ ఫ్రీ ప్లాన్‌లో అయితే 90 రోజులు దాటినవి కనిపించవు. ఏప్రిల్‌లో రాసింది మార్చికి ఉండదు. నెలాఖరు లోపు వేరేచోటికి ఎత్తుకుంటే ఫర్వాలేదు, జేబులో చిల్లర పడేసుకున్నట్టు వాడుకోండి, ఇల్లు చేరాక డబ్బాలో వేయాలి. వాట్సాప్‌లో మాత్రం ఆఫీస్ విషయాలు వద్దు, అంతే.

### రాయకుండా నెలాఖర్లో తవ్వుకోవడం

"అన్నీ జిరాలో ఉన్నాయి కదా, నేనెందుకు రాయాలి" అనే డెవలపర్లు ఎక్కువ, మా టీమ్‌లోనే ముగ్గురున్నారు. వాళ్ళ వాదనలో బలముంది, సిస్టమ్‌లో ఉన్నదానికి మించిన ప్రూఫ్ లేదు. పోయిన నెలలో క్లోజ్ అయినవి తీయడానికి జిరా సెర్చ్‌లో ఇది:

```
assignee was currentUser() AND resolved >= startOfMonth(-1) AND resolved < startOfMonth()
```

ఇక్కడ `was` ముఖ్యం. `=` పెడితే ఇప్పుడు మీ పేరు మీద ఉన్నవే వస్తాయి, చాలా టీమ్‌లలో టికెట్ చివరికి టెస్టర్ పేరు మీదకి వెళ్ళి క్లోజ్ అవుతుంది, మీరు చేసిన సగం పని లిస్ట్‌లో ఉండదు.

గిట్ నుంచి:

```
git log --all --author="మీ ఆఫీస్ మెయిల్" --since="2025-07-01 00:00" --until="2025-08-01 00:00" --oneline
```

టైమ్ ఇవ్వకుండా ఉత్త తేదీ ఇస్తే గిట్ ఆ రోజు ఇప్పుడు ఎంత గంటైందో ఆ గంట నుంచి లెక్కేస్తుంది, అందుకే `00:00`. ఇంకోటి, ఇది చూసేది కమిట్ తేదీని, మొదట రాసిన తేదీని కాదు, రీబేస్ చేసిన పాత పని ఈ నెలలో వచ్చి కూర్చుంటే కంగారు పడకండి.

చేసిన రివ్యూల కోసం గిట్‌హబ్ సెర్చ్‌లో:

```
is:pr reviewed-by:@me -author:@me merged:2025-07-01..2025-07-31
```

ఇది తప్పకుండా చేయండి, ఇతరుల కోడ్ చూడటానికి పెట్టిన టైమ్ ఎవరి సమ్మరీలోనూ ఉండదు.

ఇంతా చేశాక దొరకనిది ఏమిటో చూడండి. టికెట్ లేని పనులు ఒక్కటీ రావు. కొత్తగా చేరినవాడికి రెండు రోజులు కూర్చుని సెటప్ చేసివ్వడం, ఎవరో సెలవులో ఉంటే వాళ్ళ ఆన్‌కాల్ తీసుకోవడం, రిలీజ్‌కి ముందు రోజు డిజైన్‌లో తప్పు పట్టుకుని ఆపడం. ముందు అంకె కూడా ఎవరో టికెట్‌లో రాసి ఉంటేనే. చెల్లి పనికి అసలు టికెటే లేదు, టీమ్ లీడ్‌కి పెట్టిన ఒక మెయిల్ తప్ప, ఈ దారిలో అయితే ఆ గంటన్నర సంగతి ఎప్పటికీ బయటికి రాదు. అందుకే నేను దీన్ని రోజూ రాసేదానికి బదులుగా కాకుండా పక్కన పెట్టుకుని వాడతాను, నెలాఖర్లో ఈ మూడు సెర్చ్‌లు కొట్టి డాక్‌లో మిస్సయినవి కలుపుకుంటాను.

## నెల సమ్మరీ: ఇక్కడా రెండు మూడు దారులు

నెలకి ఇరవై పని దినాలు, రోజూ రాసినా కొన్ని రోజులు ఏమీ ఉండదు, పదిహేను లైన్లు వస్తే ఎక్కువ. వాటిని తేదీల వరుసలో అలాగే పంపితే ఎవరూ చదవరు. ప్రాజెక్టుల వారీగా పెడితే చదవడానికి బాగుంటుంది. కానీ అప్రైజల్ పోర్టల్లో బాక్స్‌లు ఉండేది గోల్స్ వారీగా, కేఆర్ఏ అని, కొన్నింట్లో అక్షరాల లిమిట్ కూడా. నెలనెలా గోల్ కింద పెట్టుకుంటే ఏడాది చివర్లో పన్నెండు సమ్మరీల్లోంచి ఒక్కో గోల్‌కి సంబంధించినవి ఎత్తుకుని అతికించడమే. షీట్ ఉన్నవాళ్ళకి ఇది ఫిల్టర్ నొక్కినంత పని.

ఏ గోల్‌కీ అతకనివి మిగులుతాయి, వాటిని తీసేయకుండా "ఇతర" అని కింద పెట్టండి. నాలుగైదు నెలలు వరసగా "ఇతర"లోనే ఎక్కువ పని పడుతుంటే మీరు చేసే పనికీ మీకిచ్చిన గోల్స్‌కీ సంబంధం లేదని అర్థం. అది మార్చిలో తెలిస్తే ఏడుపే, సెప్టెంబర్‌లో తెలిస్తే మేనేజర్‌తో మాట్లాడి గోల్ మార్పించుకోవచ్చు.

ఒక్కో పాయింట్ ఎలా ఉండాలో చెల్లి నెల నుంచే చూపిస్తాను. మొదట రాసింది ఇది:

> రీకన్ ప్రాసెస్‌ని మెరుగుపరిచి టీమ్ ఎఫిషియెన్సీ పెంచాను.

దీన్ని ఎవరైనా రాయొచ్చు, ఏ పనీ చేయనివాడు కూడా. షీట్ లైను ముందు పెట్టుకుని మళ్ళీ రాసింది:

> స్టేట్‌మెంట్ ఫైల్ తెరిచేటప్పుడు రిఫరెన్స్ నంబర్లలో సున్నాలు పోతున్నాయని గుర్తించి ఇంపోర్ట్ పద్ధతి మార్చాను. నెల మొదటి వారంలో రోజుకి 38-44 ఉన్న బ్రేక్స్ తర్వాత నెల అదే వారంలో 14-18కి తగ్గాయి, చేతి పని రోజుకి సుమారు గంటన్నర తగ్గింది. స్టెప్స్ రాసి టీమ్‌కి పంపాను (మెయిల్ సబ్జెక్ట్: సీఎస్‌వీ ఇంపోర్ట్ స్టెప్స్).

పొడవుగా ఉందని అనిపించొచ్చు. కానీ నెలకి ఇలాంటివి నాలుగైదే ఉంటాయి, మిగిలిన పది లైన్లు రెండు వాక్యాల్లో కలిపేయొచ్చు, "మూడు రోజులు ఫలానా షిఫ్ట్ కవర్ చేశాను, కొత్తగా చేరిన ఇద్దరికి ఇంపోర్ట్ నేర్పాను" అని. ఒక్క విషయం గమనించండి, ఆ గంటన్నర ఎవరికి మిగిలింది? బ్రేక్స్ చూసేది చెల్లి ఒక్కతే కాదు, రోజు మార్చి రోజు ఇంకో అమ్మాయి చూస్తుంది. అందుకే "నా టైమ్ మిగిలింది" అనకుండా "చేతి పని తగ్గింది" అని రాసింది.

ఇక సమ్మరీని దాచుకోవాలా, మేనేజర్‌కి పంపాలా. రేటింగ్‌లు ఖరారు చేసే నార్మలైజేషన్ మీటింగ్‌లో మనం ఉండం, మన తరఫున మాట్లాడేది మేనేజరే, పక్క టీమ్ మేనేజర్ "మీవాడు ఏం చేశాడు" అంటే ఆయన చేతిలో ఒక మెయిల్ ఉండాలి. కాబట్టి నా ఓటు పంపడానికే, నెల మొదటి వారంలో, ఐదారు లైన్లలో, వన్ ఆన్ వన్‌కి ముందు రోజు. అయితే టీమ్‌లో ఎవరూ పంపని చోట మీరొక్కరే నెలనెలా పంపితే వేరేగా చూసే మేనేజర్లు ఉంటారు, అలాంటివాళ్ళకి మెయిల్ కాకుండా వన్ ఆన్ వన్‌లోనే మాటల్లో చెప్పి, రాసింది మీ దగ్గర ఉంచుకోండి. మేనేజర్ మధ్యలో మారిపోయే టీమ్‌లలో మాత్రం మెయిలే నయం, కొత్తాయనకి మీ గత ఆరు నెలలు తెలిసే దారి ఇంకోటి లేదు.

## ఎవరికి ఏది

టికెట్ల మీదే పనిచేసే డెవలపర్లు, టెస్టర్లు: డాక్, పక్కన నెలాఖరు సెర్చ్‌లు. టికెట్ లేనివి, ముందు అంకెలు మాత్రమే రోజూ రాసినా సరిపోతుంది, మిగిలినవి సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది.

ఆపరేషన్స్, సపోర్ట్, ఫైనాన్స్, అంటే రోజూ అంకెలతోనే పని ఉన్నవాళ్ళు: షీట్. రాత్రి షిఫ్ట్ వాళ్ళకి ఒక మాట, తేదీ షిఫ్ట్ మొదలైన రోజుదే వేయండి, లేకపోతే ఒకే ఇన్సిడెంట్ రెండు తేదీల్లో పడి ప్రూఫ్ వెతికేటప్పుడు తికమక.

బయట తిరిగేవాళ్ళు: నోట్‌బుక్ లేదా తనకి తాను మెసేజ్, శుక్రవారం మధ్యాహ్నం డాక్‌లోకి ఎత్తడం.

కంపెనీ మారే ఆలోచన ఉన్నవాళ్ళకి పైన చెప్పిన మధ్యేమార్గం. రోజువారీ లాగ్ ఆఫీస్‌లోనే ఉండనివ్వండి, అందులో టికెట్ నంబర్లు, క్లయింట్ పేర్లు అన్నీ ఉంటాయి కాబట్టి అది బయటికి రాకూడదు. ప్రతి నెలా సమ్మరీ అయ్యాక, ఇంటికొచ్చి సొంత నోట్‌బుక్‌లో మీ మాటల్లో రెండు మూడు లైన్లు రాసుకోండి, క్లయింట్ పేరు లేకుండా, ఉత్త అంకెలు కాకుండా నిష్పత్తిలో, "బ్యాంక్ ఫైల్ ఇంపోర్ట్ సమస్య పట్టుకున్నాను, బ్రేక్స్ సగానికి పైగా తగ్గాయి" అన్నట్టు. రెజ్యూమెకి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ఫైల్ కాపీ, ఫోన్‌తో స్క్రీన్ ఫోటో మాత్రం వద్దు.

ఇప్పటిదాకా ఒక్క లైనూ రాయలేదు, ఫామ్‌కి రెండు వారాలే టైమ్ ఉంది అనేవాళ్ళకి మిగిలింది ఐదో దారి ఒక్కటే. పై సెర్చ్‌లలో తేదీలు మార్చి నెల నెలకీ తీయండి, టికెట్లు లేనివాళ్ళు మెయిల్‌లో సెంట్ ఐటమ్స్, క్యాలెండర్ రెండూ ఒక నెల తర్వాత ఒక నెల తిరగేయండి, మొదటి నెల నుంచి మొదలుపెట్టి, ఎందుకంటే చివరి రెండు నెలలు మీకెలాగూ గుర్తున్నాయి. ఒక్కో నెలకి ఒక గంట చాలు. ముందు అంకె దొరక్కపోతే ఊహించి వేయకండి, ఆ పనిని అంకె లేకుండానే రాసి, దాన్ని వాడుకున్నవాళ్ళని ఒక మెయిల్ అడగండి, "ఇంతకుముందు మీకు దీనికి ఎంత టైమ్ పట్టేది" అని. వాళ్ళు రాసిన జవాబే అక్కడ ప్రూఫ్.